క్లోజ్ అయిన టాస్క్‌లో మారిన గడువు తేదీ: ఒక మందుల ఫ్యాక్టరీ ఆడిట్ ట్రయల్ కేసు

నేపథ్యం

హైదరాబాద్ శివార్లలో మాత్రలు, క్యాప్సూల్స్ తయారుచేసి అమెరికాకు ఎగుమతి చేసే ఒక మధ్యస్థాయి ఫ్యాక్టరీలో జరిగిన కేసు ఇది. ఫ్యాక్టరీని గానీ, మనుషుల్ని గానీ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. తేదీలలో రోజును మాత్రమే ఉంచాం. గంటలను మాత్రం మార్చలేదు, ఎందుకంటే కేసు మొత్తం ఆ గంటల మీదే తిరుగుతుంది.

అక్కడ డీవియేషన్లు అనే పద్ధతి తప్పిన ఘటనల నమోదులు, కాపాలు అనే దిద్దుబాటు, నివారణ చర్యలు, పరికరాల కాలిబ్రేషన్, మెయింటెనెన్స్ వంటి పనులన్నీ ఒకే టాస్క్ ప్లాట్‌ఫామ్‌లో నడుస్తాయి. దాన్ని సొంత ఐటీ విభాగమే కట్టుకుంది. వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. ఒక్కో టాస్క్‌కు నంబరు, బాధ్యుడు, వివరణ, గడువు తేదీ, స్థితి, జోడించిన ఫైళ్లు ఉంటాయి. పని చేసినవారు పూర్తయిందని పంపితే నాణ్యతా హామీ విభాగమైన క్యూఏ చూసి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టి ఎలక్ట్రానిక్ సంతకంతో క్లోజ్ చేస్తుంది.

అమెరికా మార్కెట్‌కు మందులు పంపే ఫ్యాక్టరీ కాబట్టి 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 వర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల మీద అమెరికా ఎఫ్‌డీఏ పెట్టిన, 1997 నుంచి అమలులో ఉన్న నిబంధన ఇది. అందులో 11.10(e) ఆడిట్ ట్రయల్, అంటే మార్పుల లాగ్ గురించి చెబుతుంది. రికార్డును సృష్టించినా, మార్చినా, తొలగించినా ఆ చర్యను, తేదీని, సమయాన్ని కంప్యూటరే స్వయంగా నమోదు చేయాలి. మార్పు వల్ల పాత సమాచారం కనుమరుగు కాకూడదు. ఈ లాగ్‌ను రికార్డు ఎంతకాలం ఉంటే కనీసం అంతకాలం ఉంచాలి. ప్లాట్‌ఫామ్‌లో "హిస్టరీ" అనే ట్యాబ్ ఉంది కాబట్టి ఈ షరతు తీరినట్టేనని అందరూ అనుకున్నారు.

బయటపడ్డ సమస్య

సెల్ఫ్ ఇన్‌స్పెక్షన్‌లో క్యూఏ ఒక టాస్క్‌ను నమూనాగా తీసింది. ముడిసరుకు తూకం వేసే బూత్‌లో గాలి పీడనం తేడా హద్దు దాటిందని డీవియేషన్ రాశారు. దాని కింద పుట్టిన పని, ప్రీ-ఫిల్టర్ మార్చి రీడింగ్ మళ్లీ తీయడం. స్క్రీన్ మీద గడువు 15వ తేదీ, క్లోజ్ అయింది 14వ తేదీ. అంటే గడువులోపే పూర్తయిందన్నమాట. అయితే నెలవారీ సమీక్షకు తీసిన ప్రింటవుట్ ఫైల్లో అదే టాస్క్‌కు గడువు 5వ తేదీ అని, ఆలస్యం అయిన పనుల జాబితాలో ఉంది.

రెండింటిలో ఏదో ఒకటే నిజం. హిస్టరీ ట్యాబ్ తెరిస్తే సంబంధించిన వరుసలు రెండే కనిపించాయి. 14వ తేదీ 09:50కి "టాస్క్ అప్‌డేట్ అయింది", 10:15కి "టాస్క్ క్లోజ్ అయింది". మొదటి వరుసలో పేరు ఉండాల్సిన చోట అప్లికేషన్ డేటాబేస్‌లోకి లాగిన్ అయ్యే ఉమ్మడి ఖాతా పేరు ఉంది. ఏ గడి మారిందో, ముందు ఏముండేదో, ఎందుకు మార్చారో లేదు.

పైకి చూస్తే కథ సాఫీగానే ఉంది. క్లోజ్ చేయడానికి పాతిక నిమిషాల ముందు ఎవరో గడువు పెంచారు, తర్వాత క్యూఏ క్లోజ్ చేసింది. ఈ కథ నిజమైతే గడువు పెరిగిన సంగతి క్యూఏకి తెలిసే ఉండాలి. క్లోజ్ చేసిన ఉద్యోగి మాత్రం తాను సంతకం పెట్టినప్పుడు స్క్రీన్ మీద 5వ తేదీయే ఉందనీ, ఆలస్యానికి కారణం అడిగి వ్యాఖ్యలో రాయించాననీ గట్టిగా చెప్పారు. వ్యాఖ్య గడిలో ఆ కారణం నిజంగానే ఉంది. గడువు 15 అయితే ఆలస్యానికి కారణం రాయాల్సిన అవసరమే ఉండదు. ఇక్కడే హిస్టరీ ట్యాబ్‌ను నమ్మకూడదన్న అనుమానం బలపడింది.

ఏం జరిగిందో తేల్చిన తీరు

ముందుగా తీసుకున్న నిర్ణయం, లాగ్‌ను పక్కనపెట్టి దానితో సంబంధం లేని సాక్ష్యాలు వెతకడం. అలాంటివి రెండు దొరికాయి. 13వ తేదీ రాత్రి తీసిన బ్యాకప్‌ను, 14వ తేదీ రాత్రి తీసిన బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో రిస్టోర్ చేసి ఆ ఒక్క టాస్క్‌ను పోల్చారు. మొదటి దానిలో గడువు 5, రెండో దానిలో 15. మార్పు 14వ తేదీనే జరిగిందని దీనితో ఖాయమైంది గానీ క్లోజ్‌కు ముందా, తర్వాతా అన్నది తేలలేదు.

రెండోది వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్. అందులో 14వ తేదీ 09:50 ప్రాంతంలో ఆ టాస్క్‌ను తాకిన అభ్యర్థన ఒక్కటీ లేదు. మధ్యాహ్నం 15:20కి మాత్రం ఎక్సెల్ ఇంపోర్ట్ పేజీకి ఒక ఫైలు అప్‌లోడ్ అయింది. 15:20 నుంచి అయిదున్నర గంటలు తీసేస్తే 09:50. అసలు విషయం అదే. స్క్రీన్ ద్వారా జరిగే పనులు మన కాలమానంలో నమోదవుతున్నాయి, ఇంపోర్ట్ ప్రోగ్రామ్ మాత్రం అంతకు అయిదున్నర గంటలు వెనకుండే యూటీసీలో రాస్తోంది. లాగ్ టేబుల్‌లో సమయం గడి టైమ్ జోన్ లేని `timestamp` రకం కాబట్టి ఏది ఏ కాలమానమో డేటాబేస్‌కు తెలియదు. రెంటినీ ఒకే వరుసలో పేర్చేసింది. అలా క్లోజ్ అయిన అయిదు గంటల తర్వాత జరిగిన మార్పు, క్లోజ్‌కు ముందు జరిగినట్టు కనిపించింది.

ఫైలు అప్‌లోడ్ చేసింది ప్లానింగ్ విభాగం. ఆ రోజు పొద్దున తమ పెండింగ్ పనులన్నీ ఎక్సెల్‌లోకి దింపుకున్నారు. అప్పటికి ఆ టాస్క్ ఇంకా తెరిచే ఉంది. గడువు పెంచమని అడగబోయే పనులకు కొత్త తేదీలు వేశారు. 10:15కి క్యూఏ టాస్క్ క్లోజ్ చేసిన సంగతి ఆ షీటుకు తెలియదు. 15:20కి షీటు ఎక్కించారు. ఇంపోర్ట్ ప్రోగ్రామ్ స్థితి చూడలేదు, క్లోజ్ అయిన టాస్క్ మీద కొత్త తేదీ రాసేసింది. పైగా ఆ గడువు పెంపునకు క్యూఏ ఆమోదం ఇంకా రానేలేదు.

ఎవరూ దొంగతనంగా చేసింది కాదు. కానీ ఇది పొరపాటా, రికార్డు దిద్దుబాటా అని తేల్చడానికి ప్లాట్‌ఫామ్ లాగ్ ఏమాత్రం పనికిరాలేదు. యాక్సెస్ లాగ్‌లు కొన్ని వారాలకే చెరిగిపోయే అమరికలో ఉన్నాయి. మరికొంత ఆలస్యమైతే ఆ 15:20 వరుస కూడా దొరికేది కాదు. అప్పుడు సంతకం పెట్టిన క్యూఏ ఉద్యోగి మాట మీద, ప్లానింగ్‌వారి మాట మీద ఆధారపడటం తప్ప దారి ఉండేది కాదు.

మొదటి ప్రయత్నం: లాగ్‌లో ఎక్కువ రాయడం

ఐటీ విభాగం వెంటనే చేసిన పని, సేవ్ బటన్ నొక్కినప్పుడల్లా టాస్క్ మొత్తాన్ని ముందూ వెనకా ప్రతులుగా లాగ్‌లో దాచడం. నాలుగు రోజుల్లోనే రెండు లోపాలు తేలాయి.

ఒకటి, అది అప్లికేషన్ కోడ్‌లో సేవ్ స్క్రీన్‌కు తగిలించిన లాగ్. ఇంపోర్ట్ ఆ దారిన వెళ్లదు. రాత్రిపూట నడిచే షెడ్యూల్డ్ జాబ్ కూడా వెళ్లదు. సమస్య పుట్టిన దారికే కాపలా లేకుండా పోయింది. రెండోది, లాగ్ నిండా చెత్త చేరింది. వివరణ గడికి ఆటోసేవ్ ఉంది. ఒక పేరా టైపు చేసేలోపు పది పన్నెండు వరుసలు పడేవి. "చివరిగా చూసిన సమయం" అనే గడి కూడా టాస్క్ వరుసలోనే ఉండటంతో ఎవరైనా టాస్క్ తెరిచి చూసినా మార్పుగా నమోదయ్యేది. సమీక్షించే మనిషి గడువు మార్పును ఆ గుట్టలోంచి ఏరుకోవాలి. ఎవరూ చదవలేని లాగ్ ఉన్నా తనిఖీలో అక్కరకు రాదు.

రెండో ప్రయత్నం: సేవ్ బటన్ దాచేయడం

తర్వాత క్లోజ్ అయిన టాస్క్ స్క్రీన్‌లో గడులన్నీ బూడిదరంగులోకి మార్చి, సేవ్ బటన్ తీసేశారు. చూడటానికి తాళం వేసినట్టే ఉంది. పరీక్షించేటప్పుడు ఒకే టాస్క్‌ను రెండు బ్రౌజర్ ట్యాబ్‌లలో తెరిచారు. మొదటి ట్యాబ్‌లో క్లోజ్ చేశారు. క్లోజ్‌కు ముందే తెరిచిన రెండో ట్యాబ్‌లో సేవ్ బటన్ ఇంకా ఉంది. నొక్కితే మార్పు ఎక్కింది. సర్వర్ తన వంతుగా స్థితిని చూడటం లేదు, స్క్రీన్‌ను నమ్ముతోంది.

జోడించిన ఫైళ్ల విషయం ఇంకా ఘోరం. అవి వేరే టేబుల్‌లో ఉంటాయి. టాస్క్ క్లోజ్ అయినా అదే పేరుతో మరో ఫైలు ఎక్కిస్తే పాతదాని మీద కూర్చునేది. ఫిల్టర్ మార్చాక తీసిన రీడింగ్ షీటు మారిపోయినా టాస్క్ వరుసలో ఒక్క అక్షరం కూడా కదలదు. తాళం వేయాలంటే టాస్క్ వరుసకు మాత్రమే వేస్తే చాలదనీ, దాని మీద ఆధారపడిన ఫైళ్లు, వ్యాఖ్యలు, చెక్‌లిస్టు గడులు అన్నిటికీ వేయాలనీ ఇక్కడే అర్థమైంది.

మూడో ప్రయత్నం: అన్నిటికీ గుడ్డి తాళం

ఈసారి డేటాబేస్‌లోనే, వరుస మారబోతే దానంతటదే నడిచే ట్రిగ్గర్ పెట్టారు. క్లోజ్ అయిన టాస్క్‌ను ఏ దారిలో వచ్చి తాకినా ఎర్రర్. సాంకేతికంగా ఇది సరైన చోటు. దెబ్బతిన్నది వాడుకలో.

కాపా అన్నాక క్లోజ్ అయిన 90 రోజులకు ఫలితం చూసి రాయాలని ఇక్కడి పద్ధతి. రాయడానికి టాస్క్ తెరుచుకోదు. పరికరం నంబరులో ఒక అంకె తప్పు పడిందని తర్వాత తెలిసినా సరిదిద్దే దారి లేదు. దాంతో "ట్రిగ్గర్ ఒక్క అయిదు నిమిషాలు ఆపండి సార్" అని డేటాబేస్ అడ్మిన్‌కు ఫోన్లు మొదలయ్యాయి. ఆయన ఆపడం, మార్చడం, మళ్లీ పెట్టడం. ఆ అయిదు నిమిషాల్లో ఇంకెవరు ఏం మార్చారో చెప్పే నాథుడు లేడు. సక్రమమైన అవసరానికి దారి వదలని తాళం, తాళం తీసే అలవాటును పుట్టిస్తుంది. ఆ అలవాటు తాళం లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే తాళం ఉందని కాగితం మీద రాసి ఉంటుంది.

తాళం ఎందుకన్న ప్రశ్న

ఇక్కడ కాస్త ఆగి, అసలు క్లోజ్ అయిన టాస్క్‌కు తాళం ఎందుకు అని క్యూఏ, ఐటీ కలిసి కూర్చుని రాసుకున్నారు. అంతవరకు "నిబంధన కాబట్టి" అన్నదే జవాబు. దానితో ఏది తాళంలో ఉండాలో, దేనికి దారి వదలాలో తేలదు.

తేలిన జవాబు సంతకం. పార్ట్ 11లో 11.50 ప్రకారం సంతకం చేసిన రికార్డులో పేరు, తేదీ, సమయంతోపాటు ఆ సంతకానికి అర్థం కూడా ఉండాలి. సమీక్షించారా, ఆమోదించారా, రాసిందే తామా అన్నది. 11.70 ప్రకారం సంతకాన్ని దాని రికార్డు నుంచి విడదీసి మరో రికార్డుకు అంటించే వీలు ఉండకూడదు. క్యూఏ ఉద్యోగి 10:15కి సంతకం పెట్టింది 5వ తేదీ గడువుతో, ఆలస్యానికి కారణంతో ఉన్న రికార్డు మీద. 15:20 తర్వాత అదే సంతకం కింద ఆమె చూడని రికార్డు ఉంది. ఎవరూ సంతకాన్ని కదిలించలేదు, కింద కాగితాన్ని మార్చారు. ఫలితం ఒకటే.

ఈ కోణంలో చూడగానే హద్దులు వాటంతట అవే గీసుకున్నాయి. సంతకం పెట్టేవారు చూసి ఒప్పుకున్నదంతా తాళంలో ఉండాలి. అంటే వివరణ, గడువు, బాధ్యుడు, వ్యాఖ్యలు, ఫైళ్లు. సంతకం తర్వాత పుట్టే సమాచారం, అంటే 90 రోజుల ఫలితం వంటిది, ఆ రికార్డులో భాగమే కాదు. అది వేరే రికార్డుగా పుట్టి, పాతదాన్ని చూపించాలి. "చివరిగా చూసిన సమయం" వంటివి రికార్డే కావు. వాటిని టాస్క్ వరుసలోంచి తీసి వేరే టేబుల్‌లో పడేయాలి.

పనిచేసిన అమరిక

లాగ్ రాసే పనిని అప్లికేషన్ నుంచి తీసి డేటాబేస్ ట్రిగ్గర్‌కు ఇచ్చారు. స్క్రీన్ నుంచి వచ్చినా, ఇంపోర్ట్ నుంచి వచ్చినా, షెడ్యూల్డ్ జాబ్ నుంచి వచ్చినా వరుస మారక తప్పదు కదా. మారిన చోటే కాపలా పెట్టారు. మార్పు, దాని లాగ్ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంటాయి కాబట్టి లాగ్ రాయలేకపోతే మార్పు కూడా రద్దవుతుంది. ఒకటి ఉండి మరొకటి లేని స్థితి రాదు.

మారిన ప్రతి గడికి లాగ్‌లో ఒక వరుస. అందులో టాస్క్ నంబరు, గడి పేరు, పాత విలువ, కొత్త విలువ, మనిషి లాగిన్ ఐడీ, సమయం, వచ్చిన దారి, కారణం. వచ్చిన దారి అంటే స్క్రీనా, ఇంపోర్టా, జాబా అన్నది. ఇంపోర్ట్ అయితే ఫైలు పేరు, అందులో వరుస నంబరు కూడా. ఈ కేసులో ఆ ఒక్క గడి ఉండి ఉంటే బ్యాకప్‌లు రిస్టోర్ చేయాల్సిన పని పడేది కాదు. కారణం అన్ని గడులకూ అడగరు. గడువు, బాధ్యుడు, తీవ్రత మారినప్పుడు మాత్రమే తప్పనిసరి. ప్రతి మార్పుకూ అడిగితే జనం "కరెక్షన్" అని ఒకే మాట కొట్టి వదిలేస్తారని మొదటి వారంలోనే కనిపించింది. ఆటోసేవ్‌ను డ్రాఫ్ట్ టేబుల్‌కు మళ్లించి, సమర్పించినప్పుడే టాస్క్‌లోకి రాసేలా మార్చారు. లాగ్ దానితోనే చదవదగ్గ సైజుకు వచ్చింది.

మనిషి పేరు ట్రిగ్గర్‌కు చేర్చడం దగ్గర ఒక గండం ఉంది. అప్లికేషన్ ఉమ్మడి ఖాతాతోనే డేటాబేస్‌లోకి వస్తుంది కాబట్టి అసలు మనిషి ఎవరో ప్రతి ట్రాన్సాక్షన్‌లో చెప్పాలి. మొదట `SET app.user_id` వాడారు. కనెక్షన్లను పూల్‌లో పెట్టి మార్చిమార్చి వాడే చోట ఆ విలువ ట్రాన్సాక్షన్ అయిపోయినా అదే కనెక్షన్‌లో మిగిలిపోతుంది. తర్వాత వచ్చిన మనిషి మార్పు ముందు మనిషి పేరు మీద పడుతుంది. పేరు లేని లాగ్ కంటే తప్పు పేరున్న లాగ్ వెయ్యి రెట్లు చెడ్డది. దాన్ని `SET LOCAL`గా మార్చారు. అది ట్రాన్సాక్షన్‌తోనే ముగుస్తుంది. అయితే ముగిశాక అదే కనెక్షన్‌లో ఆ విలువ నల్‌గా కాక ఖాళీ స్ట్రింగ్‌గా కనిపిస్తుంది. కాబట్టి ట్రిగ్గర్ రెంటినీ చూసి, ఏది ఎదురైనా మార్పును తిప్పికొడుతుంది. పేరు చెప్పకుండా లోపలికి రావడానికి వీల్లేదు.

సమయం గడిని `timestamptz`గా మార్చి, విలువను డేటాబేస్ సర్వర్ గడియారం నుంచే తీసుకున్నారు. చూపేటప్పుడు మన కాలమానంలో, పక్కనే +05:30 అని చూపిస్తారు. ఇందులోనూ ఒక సూక్ష్మం ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో `now()` ట్రాన్సాక్షన్ మొదలైన సమయాన్ని ఇస్తుంది. పెద్ద ఇంపోర్ట్ 10:14కి మొదలై ఒక వరుసను 10:20కి మార్చినా `now()` 10:14 అనే రాస్తుంది. మధ్యలో ఇంకో వరుస 10:15కి క్లోజ్ అయితే వరుసక్రమం మళ్లీ తలకిందులు. అందుకే లాగ్‌లో `clock_timestamp()` వాడారు, పక్కన వరుస నంబరు కూడా ఉంచారు. ఆ నంబర్లలో మధ్యమధ్య ఖాళీలు వస్తాయి. రద్దయిన ట్రాన్సాక్షన్ తీసుకున్న నంబరు వెనక్కి రాదు కాబట్టి ఖాళీ కనిపించినంత మాత్రాన ఎవరో వరుస చెరిపారని అర్థం కాదు. ఈ మాట ముందే పద్ధతి పత్రంలో రాసిపెట్టారు. తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది దాన్నే.

తాళం వేసే ట్రిగ్గర్‌లో అసలు భాగం ఇంతే:

```sql
IF OLD.status = 'CLOSED' THEN
  IF NEW.status IS DISTINCT FROM 'REOPENED'
     OR (to_jsonb(NEW) - 'status' - 'version')
        IS DISTINCT FROM
        (to_jsonb(OLD) - 'status' - 'version') THEN
    RAISE EXCEPTION 'Task % is closed', OLD.task_no;
  END IF;
END IF;
RETURN NEW;
```

క్లోజ్ అయిన వరుసలో జరగగలిగే మార్పు ఒక్కటే, స్థితి తిరిగి తెరిచినట్టుగా మారడం. అదే దెబ్బలో ఇంకే గడి మార్చినా తిప్పికొడుతుంది. ఫైళ్లు, వ్యాఖ్యల టేబుళ్లలోనూ తల్లి టాస్క్ స్థితి చూసే ట్రిగ్గర్లు పెట్టారు. ఫైలును తిరగరాయడం తీసేశారు. అదే పేరుతో వచ్చినా కొత్త వెర్షన్‌గా చేరుతుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే SHA-256 విలువ ప్రతి వెర్షన్‌కు లాగ్‌లో ఉంటుంది. క్లోజ్ సంతకం ఏ వెర్షన్ల మీద పడిందో కూడా అందులో రాసి ఉంటుంది.

పాత ట్యాబ్ సమస్యకు టాస్క్‌లో వెర్షన్ నంబరు చేర్చారు. స్క్రీన్ తెరిచినప్పటి నంబరును సేవ్ చేసేటప్పుడు తిరిగి పంపాలి:

```sql
UPDATE task SET due_date = $1, version = version + 1
WHERE id = $2 AND version = $3;
```

నంబరు సరిపోకపోతే ఒక్క వరుసా మారదు. కానీ డేటాబేస్ దాన్ని ఎర్రర్‌గా చెప్పదు, "సున్నా వరుసలు" అని మాత్రమే అంటుంది. అప్లికేషన్ ఆ సంఖ్యను చూడకపోతే స్క్రీన్ మీద "సేవ్ అయింది" అని ఆకుపచ్చ పట్టీ వస్తుంది, లోపల ఏమీ జరగదు. ఇక్కడ మొదటి కూర్పులో సరిగ్గా అదే జరిగింది. పరీక్షలో దొరికింది.

ఎక్సెల్ షీటులోనూ వెర్షన్ నంబరు గడి పెట్టారు. పాతబడిన వరుసలు కనిపిస్తే వాటిని వదిలి మిగతావి ఎక్కించాలా, మొత్తం ఫైలు తిప్పికొట్టాలా అన్నదానిపై కొంత వాదన నడిచింది. ప్లానింగ్‌వారు మొదటిది కోరారు. రెండోదే ఎంచుకున్నారు. షీటులో ఒక్క వరుస పాతబడిందంటే ఆ షీటు దింపాక ప్లాట్‌ఫామ్‌లో పని జరిగిందని అర్థం. మిగతా తేదీలు కూడా ఆ పాత పరిస్థితిని చూసి వేసినవే. ఏ వరుసలు పాతబడ్డాయో జాబితా ఇచ్చి, తాజాగా దింపుకుని చూడమనడమే సరైనది.

తెరవాల్సి వచ్చినప్పుడు

గుడ్డి తాళం నేర్పిన పాఠంతో మూడు దారులు వదిలారు. వీటిలో ఏది ఎప్పుడన్నది స్పష్టంగా ఉండటంతో అడ్మిన్‌కు ఫోన్లు ఆగిపోయాయి.

అక్షర దోషం, పరికరం నంబరులో తప్పు వంటివాటికి సవరణ గమనిక. క్లోజ్ అయిన టాస్క్ కింద వేరే టేబుల్‌లో చేరుతుంది. పాత మాట అలాగే ఉంటుంది, పక్కన సరైనది, రాసినవారి సంతకం. కాగితం లాగ్‌బుక్‌లో తప్పు మీద ఒక గీత గీసి, పాతది కనిపించేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టే పద్ధతి షాప్‌ఫ్లోర్ మీద ప్రతి ఒక్కరికీ తెలుసు. అదే ఇది. శిక్షణలో ఈ పోలిక చెప్పగానే ఇంకో ప్రశ్న రాలేదు.

క్లోజ్ తర్వాత పుట్టే పనికి, అంటే 90 రోజుల ఫలితానికి, లింకుతో కొత్త టాస్క్. దానికి దాని గడువు, దాని సంతకం.

పని నిజంగా పూర్తికాలేదని తేలితేనే తిరిగి తెరవడం. అడిగేవారు, తెరిచేవారు వేరు వేరుగా ఉండాలి. తెరిచేవారు క్యూఏ అయి ఉండాలి, కారణం తప్పనిసరి. తిరిగి తెరిస్తే మొదటి క్లోజ్ చెరిగిపోదు. క్లోజ్‌లు టాస్క్ వరుసలో ఒక తేదీ గడిగా కాకుండా సొంత టేబుల్‌లో ఉంటాయి. మొదటి క్లోజ్, రెండో క్లోజ్ రెండూ, వాటి సంతకాలతో, అప్పటి రికార్డు పూర్తి ప్రతితో నిలిచి ఉంటాయి. ముందు అమరికలో తిరిగి తెరిచి మళ్లీ క్లోజ్ చేస్తే క్లోజ్ తేదీ ఒక్కటే మిగిలేది. ఆలస్యాల లెక్క అలా చాపకింద నీరులా మారిపోయేది.

తాళానికి ఉన్న హద్దులు

డేటాబేస్‌లో పెట్టిన తాళం కూడా ఎవరి చేతిలో తాళంచెవి ఉందో వారికి తాళం కాదు. అప్లికేషన్ ఖాతాయే టేబుల్ యజమాని అయితే అదే ఖాతాతో ట్రిగ్గర్‌ను ఆపేయవచ్చు. ఇక్కడ మొదట అలాగే ఉంది. యజమాని ఖాతాను వేరు చేసి, అప్లికేషన్ ఖాతాకు లాగ్ టేబుల్ మీద చదివే హక్కు మాత్రమే ఉంచారు. ట్రిగ్గర్ ఫంక్షన్ `SECURITY DEFINER`గా లాగ్ యజమాని హక్కుతో రాస్తుంది. టాస్క్, ఫైలు, వ్యాఖ్యల టేబుళ్ల మీద అప్లికేషన్ ఖాతాకు `DELETE`, `TRUNCATE` హక్కులు తీసేశారు. వరుస స్థాయి ట్రిగ్గర్లు `TRUNCATE`ను చూడవు, టేబుల్ మొత్తం ఖాళీ అయినా అవి నిద్రపోతూనే ఉంటాయి.

డేటాబేస్‌లో అన్ని హక్కులూ ఉన్న సూపర్ యూజర్ మిగులుతాడు. అతన్ని డేటాబేస్ లోపలి నుంచి ఆపే మార్గం లేదు. అందుకే ప్రతి రాత్రీ ఆ రోజు లాగ్ వరుసలను ఫైలుగా తీసి, దాని SHA-256 విలువతో సహా ఐటీ రాయలేని, క్యూఏ ఆధీనంలో ఉండే నిల్వలోకి పంపుతారు. అడ్మిన్ మార్చకుండా ఇది ఆపదు. మారిస్తే పోల్చినప్పుడు తేడా తెలుస్తుంది, అంతే. ఆ రాత్రి ఫైలు వెళ్లకముందే జరిగే మార్పు దీనికి కూడా దొరకదు. ఈ సంగతిని దాచకుండా రిస్క్ అసెస్‌మెంట్‌లో రాశారు.

పాత రికార్డుల సంగతి

అమరిక మారాక వచ్చిన కష్టమైన ప్రశ్న, వెనకటి లాగ్‌ను ఏం చేయాలన్నది. యూటీసీలో పడ్డ ఇంపోర్ట్ వరుసలకు అయిదున్నర గంటలు కలిపి సరిచేద్దామని ఐటీ ప్రతిపాదించింది. లెక్క సరైనదే. క్యూఏ ఒప్పుకోలేదు. ఆడిట్ ట్రయల్‌ను ఏ మంచి ఉద్దేశంతో దిద్దినా, దిద్దగలమని నిరూపించినట్టే. పాత టేబుల్‌ను ఉన్నది ఉన్నట్టు చదవడానికి మాత్రమే ఉంచి, ఏ తేదీ వరకు ఇంపోర్ట్ వరుసలు యూటీసీలో ఉన్నాయో, వాటిని ఎలా గుర్తుపట్టాలో ఒక డీవియేషన్‌లో రాసి దానికి జోడించారు. అందుబాటులో ఉన్న బ్యాకప్‌లతో పోల్చి, క్లోజ్ తర్వాత గడువు మారిన ఇతర టాస్క్‌లను వెతికారు. దొరికినవాటికి సవరణ గమనికలు రాశారు. బ్యాకప్‌లు లేని కాలానికి నిర్ధారించలేమని రాశారు. గాలి పీడనం టాస్క్‌కు కూడా గమనికే పడింది. ఆమోదం పొందిన గడువు 5వ తేదీ, 15 అన్నది ఆమోదం లేని ఇంపోర్ట్ వల్ల పడిందని. ఆ నెల ఆలస్యాల లెక్కను సరిచేసి సమీక్షలో మళ్లీ పెట్టారు.

నేర్చుకున్నవి

లాగ్ ఉందా అని చూడటం కాక, లాగ్‌ను మోసం చేయగలమా అని పరీక్షించాలి. ఇక్కడ వాలిడేషన్ ప్రోటోకాల్‌లో ఇప్పుడు అయిదు దాడులు ఉన్నాయి. క్లోజ్‌కు ముందు తెరిచిన ట్యాబ్ నుంచి సేవ్ చేయడం, క్లోజ్ అయిన టాస్క్ ఉన్న షీటు ఎక్కించడం, అప్లికేషన్ ఖాతాతో నేరుగా ఎస్‌క్యూఎల్ నడపడం, క్లోజ్ అయిన టాస్క్‌లో ఫైలు మార్చడం, ఒకే కనెక్షన్ మీద ఇద్దరు మనుషులు వెంటవెంటనే మార్పులు చేసి లాగ్‌లో ఎవరి పేరు ఎక్కడ పడిందో చూడటం. చివరిదానికి పూల్ సైజును ఒకటికి తగ్గించి నడపాలి. లేకపోతే ఇద్దరికీ వేరు వేరు కనెక్షన్లు దొరికి లోపం బయటపడదు. ప్లాట్‌ఫామ్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఈ అయిదూ మళ్లీ నడుస్తాయి. కొత్త ఇంపోర్ట్ దారి, కొత్త మొబైల్ స్క్రీన్ ఏది కలిసినా దానితోనూ నడుస్తాయి.

రెండో మార్పు, లాగ్‌ను చదివే వేళ. మునుపు ఏడాదికోసారి నమూనాగా తీసేవారు. ఇప్పుడు క్లోజ్ సంతకం స్క్రీన్‌లోనే ఆ టాస్క్‌కు గడువు, బాధ్యుడు, తీవ్రతలో వచ్చిన మార్పులు, వాటి కారణాలు, వచ్చిన దారి కనిపిస్తాయి. అవి తెరవకుండా సంతకం గడి తెరుచుకోదు. సంతకం పెట్టేవారికి తాము దేనిమీద పెడుతున్నారో పెట్టే ముందే తెలియాలి.

కొత్త అమరిక వచ్చిన రెండో నెలలో ప్లానింగ్ నుంచి ఒక షీటు వచ్చింది. అందులో మూడు వరుసలు అప్పటికే క్లోజ్ అయిన టాస్క్‌లవి. ఫైలు తిరిగిపోయింది. తాజాగా దింపి చూస్తే ఆ మూడూ కాక మరో నాలుగు వరుసలకు బాధ్యుడు మారి ఉన్నాడు. వాటికి వేసిన తేదీలు పాత బాధ్యుడితో మాట్లాడి వేసినవి. ప్లానింగ్‌వారు కొత్త బాధ్యులతో మాట్లాడి, వేరే తేదీలతో షీటును మరుసటి రోజు ఎక్కించారు.